దర్యాప్తు సాగుతుండగా సస్పెన్షన్: తీర్పు చెప్పని నోటీసు ఎలా రాయాలి

స్టాకు లెక్క తప్పింది. లేదా క్యాష్‌లో తేడా వచ్చింది, ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. అసలు ఏం జరిగిందో ఇంకా తెలియదు. ఈలోగా ఆ ఉద్యోగిని పనికి దూరంగా ఉంచాలని యాజమాన్యం అనుకుంటుంది. ఆ సాయంత్రమే ఎవరో కోపంగా కంప్యూటర్ ముందు కూర్చుని ఇలా టైప్ చేస్తారు: "మీరు కంపెనీ సరుకు దొంగిలించినందున మిమ్మల్ని సస్పెండ్ చేయడమైనది."

ఈ ఒక్క వాక్యంతో రెండు పక్షాలకూ నష్టమే. విచారణ మొదలు కాకముందే ఆ మనిషి దొంగ అయిపోతాడు. కంపెనీ ఆ తర్వాత ఎంత పద్ధతిగా విచారణ జరిపినా, "మీరు ముందే తేల్చేశారు కదా" అని కోర్టులో అడిగితే జవాబు చెప్పుకోలేదు. 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అది సస్పెన్షన్ కేసు కాదు, ఒక ఎగుమతి సంస్థకు ఇచ్చిన షోకాజ్ నోటీసు గురించి. సంజాయిషీ అడిగే కాగితంలోనే తప్పు రుజువైనట్టు రాస్తే ఆ తర్వాత వినడం ఒట్టి తంతు అవుతుందని కోర్టు ఆ చర్యను కొట్టేసింది. సస్పెన్షన్ నోటీసు రాసేవాళ్లకూ ఆ మాట వర్తిస్తుంది.

ప్రైవేటు సంస్థల్లో ఆ కాగితం రాయాల్సి వచ్చే హెచ్ఆర్ వాళ్లు, ఫ్యాక్టరీ మేనేజర్లు, యజమానుల కోసం ఇది రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగులకు వేరే సర్వీసు నిబంధనలు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లడం లేదు.

చెప్పేది సులువుగా అర్థం కావడానికి ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీ, 350 మంది పనివాళ్లు. 2026 మార్చి 6న గోడౌన్‌లో 25 కిలోల మేత బస్తాలు లెక్కపెట్టారు. రిజిస్టర్ ప్రకారం 1,840 ఉండాలి. 1,778 ఉన్నాయి. 62 బస్తాల తేడా. ఫిబ్రవరి నెల గేట్ పాసుల్లో మూడింటికి రెండో కాపీ దొరకలేదు. రిజిస్టర్ రాసేది స్టోర్స్ అసిస్టెంట్. ఆయన నెల జీతం 18,000 రూపాయలు. గోడౌన్ తాళం చెవులు రెండు: ఒకటి ఆయన దగ్గర, ఇంకొకటి షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర.

1. ముందు రెండు ప్రశ్నలు

మొదటిది, సస్పెండ్ చేసే అధికారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది? సంస్థలో పని, క్రమశిక్షణ నిబంధనలు చెప్పే స్టాండింగ్ ఆర్డర్స్‌లోగానీ, అపాయింట్‌మెంట్ లెటర్‌లోగానీ, చట్టంలోగానీ ఆ మాట ఉండాలి. ఎక్కడా లేకపోయినా మీరు ఆయన్ను పనికి రావొద్దని చెప్పొచ్చు, కానీ జీతం మాత్రం పూర్తిగా ఇవ్వాలి. 1959లో హోటల్ ఇంపీరియల్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తున్నది ఇదే. కాబట్టి కాగితం మీద పెన్ను పెట్టకముందే ఆ క్లాజ్ నంబరు వెతికి పక్కన రాసి పెట్టుకోండి. నోటీసులో అది కనిపించాలి.

రెండోది, సస్పెన్షన్ నిజంగా అవసరమా? ఆయన పనిలో ఉంటే రికార్డులు మారిపోయే అవకాశం ఉందా, సాక్షులు భయపడతారా, అదే నష్టం మళ్లీ జరుగుతుందా అని చూడాలి. మన ఉదాహరణలో రిజిస్టర్, తాళం చెవి రెండూ ఆయన చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి కారణం ఉంది. కానీ రిజిస్టర్లు సీజ్ చేసి, చెవి తీసుకుని, ఆయన్ను రెండు వారాలు ప్యాకింగ్ సెక్షన్‌కు పంపితే సరిపోతుందేమో కూడా ఆలోచించండి. సరిపోతే అదే మంచిది. సస్పెన్షన్ శిక్ష కాదని కోర్టులు ఎన్నిసార్లు చెప్పినా, ఊళ్లో ఎవరూ దాన్ని అలా చూడరు. పిల్లల బడి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర అది శిక్షే.

ఇక్కడే ఇంకో మాట. రెండో తాళం చెవి ఉన్న సూపర్‌వైజర్ సంగతేమిటి? ఒకరిని ఇంటికి పంపి, అంతే అవకాశం ఉన్న రెండో వ్యక్తిని అదే గోడౌన్‌లో ఉంచితే నోటీసులో ఎంత తటస్థంగా రాసినా ఫలితం ఉండదు. కనీసం ఆయన చెవి కూడా తీసుకుని, గోడౌన్ బాధ్యత మూడో మనిషికి అప్పగించాలి. ఆయన్ను సస్పెండ్ చేయలేదంటే ఎందుకు చేయలేదో ఫైల్లో ఒక పేరా రాసి ఉంచండి.

2. తెలిసినది ఒకవైపు, అనుకుంటున్నది ఒకవైపు

నోటీసు రాసే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, ఈ రోజు కాగితం చూపించి నిరూపించగలిగేవి మాత్రమే రాయండి. 1,840 ఉండాలి, 1,778 ఉన్నాయి. మూడు గేట్ పాసులకు రెండో కాపీ లేదు. రిజిస్టర్ రాసే బాధ్యత ఫలానా వారిది. కుడివైపు, మీకు అనిపిస్తున్నవన్నీ రాయండి. బస్తాలు బయటికి వెళ్లాయని, ఆయనే పంపాడని, ఈ మధ్య కొత్త బండి కొన్నాడని.

నోటీసులోకి వెళ్లేది ఎడమవైపు మాత్రమే.

"బస్తాలు పోయాయి" అనేది కూడా కుడివైపుదే. చూసేవాళ్లకు అది నిజంలా అనిపిస్తుంది కాబట్టి చాలామంది పొరపాటున ఎడమవైపు రాసేస్తారు. తేడా వచ్చిందన్నది మాత్రమే మీకు తెలుసు. బస్తాలు నిజంగా పోయి ఉండొచ్చు. గోడౌన్‌కు వచ్చిన రోజున రిజిస్టర్‌లో రెండుసార్లు ఎక్కి ఉండొచ్చు. తడిసిన బస్తాలు రీప్రాసెసింగ్‌కు వెళ్లి ఆ ఎంట్రీ మిగిలిపోయి ఉండొచ్చు. మేత ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్లకు ఇవేమీ వింత కాదు.

3. ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష

నేను ప్రతి ముసాయిదాకూ ఒకే ప్రశ్న వేస్తాను. మూడు నెలల తర్వాత ఈయన తప్పేమీ లేదని తేలితే, ఈ ఉత్తరంలో ఏ మాటనైనా వెనక్కి తీసుకోవాల్సి వస్తుందా? వస్తుందంటే ఆ మాట ఇప్పుడే తీసేయాలి.

"మీరు 62 బస్తాలు మాయం చేశారు" ఈ పరీక్షలో నిలవదు. "మార్చి 6న జరిపిన లెక్కింపులో రిజిస్టర్‌కూ, గోడౌన్‌లో ఉన్న నిల్వకూ మధ్య 62 బస్తాల తేడా కనిపించింది" అన్నది నిలుస్తుంది. ఆయన నిర్దోషి అని తేలినా ఆ తేడా తేడాగానే ఉంటుంది.

"మీ తీవ్రమైన దుష్ప్రవర్తన దృష్ట్యా" అని రాయొద్దు. "ఈ తేడాకు సంబంధించి మీ విధులపై వచ్చిన ఆరోపణపై దర్యాప్తు జరపవలసి ఉన్నందున" అని రాయండి. "మీపై నమ్మకం పోయింది" అని అసలే రాయొద్దు. నమ్మకం పోయిందని ముందే చెప్పిన యజమాని ఆ తర్వాత నిష్పక్షపాతంగా విన్నాడంటే ఎవరూ ఒప్పుకోరు.

బయటికి మర్యాదగా కనిపించే కొన్ని మాటల్లోనూ తీర్పు దాగి ఉంటుంది. "ప్రాథమికంగా రుజువైంది" అలాంటిదే. రుజువు అన్న మాట పక్కన ఏది చేర్చినా అది రుజువే. "మీరు చేసిన పనికి సంబంధించి" అన్నా ఆ పని ఆయనే చేశాడని ఒప్పుకున్నట్టే. "నిందితుడు" అని కూడా రాయొద్దు, అది పోలీసు కేసు మాట. నోటీసులో "మీరు" అంటే చాలు. ఫైల్లో రాసేటప్పుడు "సంబంధిత ఉద్యోగి" అనండి.

అలాగని మరీ పొడి పొడిగా రాయడం కూడా సరికాదు. "కొన్ని పరిపాలనా కారణాల వల్ల" అని మాత్రమే రాస్తే ఆ మనిషి రాత్రంతా టెన్షన్‌తో ఏం జరిగిందో ఊహించుకుంటూ కూర్చుంటాడు, తన తరఫు కాగితాలు ఏవి వెతకాలో కూడా తెలియదు. తటస్థంగా ఉండటానికి విషయం దాచనక్కరలేదు. విషయం చెప్పాలి, తీర్పు చెప్పకూడదు. తేదీ, స్థలం, దేని గురించి దర్యాప్తు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఫిర్యాదు చేసిన వాళ్ల పేరు, సాక్షుల పేర్లు మాత్రం ఈ దశలో అక్కర్లేదు.

4. డబ్బు లెక్క ఉత్తరంలోనే ఉండాలి

సస్పెన్షన్‌లో ఉన్న మనిషికి జీవన భృతి ఇవ్వడం దయ కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 38వ సెక్షన్ ప్రకారం, స్టాండింగ్ ఆర్డర్స్ వర్తించే సంస్థల్లో, అంటే 300 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లు ఉన్నచోట, మొదటి 90 రోజులు సస్పెన్షన్‌కు ముందు వచ్చే వేతనంలో 50 శాతం ఇవ్వాలి. ఆ తర్వాత కూడా విచారణ సాగుతుంటే, ఆలస్యం ఆ కార్మికుడి వల్ల కాకపోతే, 75 శాతం ఇవ్వాలి. దర్యాప్తు, విచారణ రెండూ కలిపి మామూలుగా 90 రోజుల్లోపు ముగియాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఈ 50, 75 శాతాలు కొత్తవేమీ కావు, 1946 నాటి పాత స్టాండింగ్ ఆర్డర్స్ చట్టంలోనూ ఉన్నవే.

చిన్న సంస్థలకు ఈ సెక్షన్ వర్తించకపోవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్‌లో సస్పెన్షన్ కాలపు భృతి ప్రస్తావన విడిగా ఉంది. మీ సంస్థ దాని కిందికి వస్తే ఆ సెక్షన్ చదివాకే అంకె వేయండి. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ల విషయంలో అపాయింట్‌మెంట్ లెటర్ ఏం చెబుతోందో చూడాలి.

మన ఉదాహరణలో సస్పెన్షన్ మార్చి 9 నుంచి అనుకుందాం. సంస్థ నెల జీతాన్ని క్యాలెండర్ రోజులతో భాగిస్తుంది. మార్చి 1 నుంచి 8 దాకా ఎనిమిది రోజుల పూర్తి జీతం 4,645 రూపాయలు. 9 నుంచి 31 దాకా 23 రోజులకు సగం లెక్కన 6,677. మొత్తం 11,322 మామూలు జీతం పడే రోజునే ఆయన ఖాతాలో పడాలి. ఏప్రిల్‌కు 9,000. మార్చి 9 నుంచి లెక్కిస్తే 90వ రోజు జూన్ 6. అప్పటికీ విచారణ తెమలకపోతే, ఆలస్యం ఆయనది కాకపోతే, జూన్ 7 నుంచి నెలకు 13,500 లెక్కన ఇవ్వాలి.

ఈ డబ్బు ఆపితే ఏమవుతుందో కోలార్ బంగారు గనుల కేసు చూపిస్తుంది. భారత్ గోల్డ్ మైన్స్‌లో సెక్యూరిటీ ఆఫీసర్‌గా ఉన్న కెప్టెన్ పాల్ ఆంథోనీని 1985లో సస్పెండ్ చేశారు. భృతి అందలేదు. కేరళలోని ఇంటి నుంచి కోలార్‌కు వచ్చి విచారణకు హాజరయ్యేందుకు ఆయన దగ్గర డబ్బు లేదు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు ఆ విచారణ చెల్లదని తేల్చింది. పద్నాలుగేళ్ల వ్యాజ్యం. అకౌంట్స్ వాళ్లు "సస్పెండ్ అయ్యాడు కదా, జీతం హోల్డ్‌లో పెట్టాం" అన్న రోజున ఈ కేసు గుర్తుచేయండి.

5. షరతులు తక్కువగా, కారణంతో

షరతులు రాసే దగ్గర చాలామంది చెయ్యి ఆగదు. ఊరు దాటొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు, రోజూ వచ్చి సంతకం పెట్టాలి అని రాసేస్తారు. ప్రతి షరతుకూ దర్యాప్తుతో సంబంధం ఉందా అని చూడండి. లేకపోతే అది శిక్షే.

గోడౌన్ తాళం చెవి, రిజిస్టర్లు, కంపెనీ ఫోన్ అప్పగించమనడం సబబే. ఏమేమి తీసుకున్నారో జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫోన్‌లో ఆయన సొంత నంబర్లు, కుటుంబ ఫోటోలు ఉంటే కాపీ చేసుకోవడానికి, ఒకరు దగ్గరుండగా, సమయం ఇవ్వండి. కంపెనీ రికార్డులు మాత్రం చెరిపేయకూడదు.

ఈ లెక్కింపు గురించి గోడౌన్ సిబ్బందిపై ఒత్తిడి తేవొద్దని రాయొచ్చు. "సహోద్యోగులెవ్వరితోనూ మాట్లాడకూడదు" అని రాయకండి. పక్కింటివాడే ప్యాకింగ్‌లో పనిచేస్తుంటాడు, పెళ్లిలో ఎదురుపడతారు. పైగా తన తరఫున ఎవరు సాక్ష్యం చెబుతారో వెతుక్కోవడం ఆయన హక్కు. యూనియన్ నాయకుడితో, లాయరుతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చని నోటీసులోనే స్పష్టంగా రాయడం మంచిది.

రోజూ గేటు దగ్గర సంతకం పెట్టాలనే షరతు నాకు ఎప్పుడూ అర్థం కాదు. పనికి రావొద్దని చెప్పిన మనిషిని రోజూ రమ్మనడమేమిటి? స్టాండింగ్ ఆర్డర్స్‌లో లేకపోతే అది రాయొద్దు, ఆ సంతకం లేదని భృతి ఆపొద్దు. దర్యాప్తు అధికారి పిలిచినప్పుడు రావాలి, చిరునామా మారితే చెప్పాలి. ఈ రెండూ చాలు. సస్పెన్షన్ కాలంలో వేరే ఉద్యోగం చేస్తే భృతి రాదన్న నిబంధన మీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఉంటే దాన్ని కూడా ఇక్కడే చెప్పండి, తర్వాత ఆయన్ను ఇబ్బంది పెట్టకూడదు.

6. నోటీసు పూర్తి పాఠం

ఆయన చదవగలిగే భాషలో ఇవ్వండి. గోడౌన్ మనిషికి ఇంగ్లిష్ కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే, "ఏం రాశారో నాకు తెలియదు" అన్నప్పుడు ఆ మాట నిజమే అవుతుంది.

> తేదీ: 09-03-2026
>
> శ్రీ ________ గారికి,
> స్టోర్స్ అసిస్టెంట్, ఉద్యోగి సంఖ్య ________
>
> విషయం: దర్యాప్తు ముగిసేవరకు తాత్కాలిక సస్పెన్షన్
>
> 06-03-2026న ఫినిష్డ్ గూడ్స్ గోడౌన్‌లో జరిపిన లెక్కింపులో 25 కిలోల మేత బస్తాలు రిజిస్టర్ ప్రకారం 1,840 ఉండవలసి ఉండగా 1,778 ఉన్నట్టు నమోదైంది. ఫిబ్రవరి 2026కు చెందిన మూడు గేట్ పాసులకు (నంబర్లు ____, ____, ____) రెండో కాపీలు లభించలేదు. ఈ రికార్డుల నిర్వహణ మీ విధుల్లో ఉన్నందున, ఈ విషయమై మీపై వచ్చిన ఆరోపణపై దర్యాప్తు జరపాలని నిర్ణయించాము.
>
> ఈ తేడాకు కారణం ఏమిటి, బాధ్యులు ఎవరైనా ఉన్నారా అనే విషయంపై సంస్థ ఇప్పటివరకు ఎటువంటి నిర్ణయానికీ రాలేదు.
>
> దర్యాప్తు కాలంలో రికార్డులు యథాతథంగా ఉండేందుకు, స్టాండింగ్ ఆర్డర్స్ క్లాజ్ ____ ప్రకారం మిమ్మల్ని 09-03-2026 నుంచి సస్పెన్షన్‌లో ఉంచుతున్నాము. ఇది శిక్ష కాదు. మీ సర్వీసు కొనసాగుతుంది.
>
> సస్పెన్షన్ కాలంలో మొదటి 90 రోజులు మీ వేతనంలో 50 శాతం, అంటే నెలకు రూ. 9,000 చొప్పున జీవన భృతిగా, మామూలు జీతం చెల్లించే తేదీనే మీ బ్యాంకు ఖాతాలో జమ చేస్తాము. ఆ తర్వాతి కాలానికి నిబంధనల ప్రకారం చెల్లిస్తాము.
>
> గోడౌన్ తాళం చెవి, రిజిస్టర్లు, కంపెనీ ఫోన్ ఈ రోజు అప్పగించి, జాబితాపై సంతకం చేసి ఒక ప్రతి తీసుకోగలరు. ఈ లెక్కింపుకు సంబంధించి గోడౌన్ సిబ్బందిపై ఎటువంటి ఒత్తిడీ తేవద్దని కోరుతున్నాము. మీ కుటుంబ సభ్యులతో, యూనియన్ ప్రతినిధితో, న్యాయవాదితో మాట్లాడటానికి ఎటువంటి అభ్యంతరం లేదు.
>
> మీ వివరణను, మీ దగ్గరున్న కాగితాలను దర్యాప్తు అధికారి ముందు ఉంచే అవకాశం ఇస్తాము. హాజరు కావలసిన తేదీని కనీసం మూడు రోజుల ముందు తెలియజేస్తాము. మీ చిరునామా లేదా ఫోన్ నంబరు మారితే తెలియజేయగలరు.
>
> సస్పెన్షన్‌కు కారణాల పూర్తి వివరణ 16-03-2026లోగా మీకు అందుతుంది. సస్పెన్షన్ కొనసాగించాలా వద్దా అన్నది 08-04-2026న సమీక్షిస్తాము.
>
> మీ సందేహాలకు: ________ (హెచ్ఆర్), ఫోన్ ________
>
> సంతకం, హోదా

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది "ఎటువంటి నిర్ణయానికీ రాలేదు" అన్న వాక్యం. అది రాయడానికి యజమానులు ఇబ్బంది పడతారు, మెత్తగా కనిపిస్తామేమో అని. నిజానికి రేపు విచారణలో తప్పు రుజువై చర్య తీసుకోవాల్సి వస్తే, ఆ చర్యను కాపాడేది ఆ వాక్యమే. కానీ అది నిజం కావాలి. అదే రోజు మేనేజింగ్ డైరెక్టర్ ఈమెయిల్‌లో "ఆ దొంగను పంపించేశాం" అని రాసి ఉంటే నోటీసుకు విలువ లేదు.

మూడు రోజుల ముందు తెలియజేస్తామన్నది, సమీక్ష తేదీ అన్నది నేను చేర్చిన పద్ధతులు. మీ వీలును బట్టి మార్చుకోండి, రాసిన తర్వాత మాత్రం తప్పకండి. వారంలోగా కారణాల వివరణ ఇవ్వాలన్నది పాత కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఉన్న నియమం. మీవి ఆ నమూనాలోనివైతే తప్పనిసరి. నోటీసుపై సంతకం పెట్టే మనిషికి స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం ఆ అధికారం ఉందో లేదో కూడా చూసుకోండి. దర్యాప్తు చేయబోయే వ్యక్తి సంతకం దీని మీద లేకపోతే మేలు.

7. చేతికి ఇవ్వడం, బయట చెప్పడం

తలుపు వేసిన గదిలో, ఇద్దరు మనుషులు కూర్చుని ఇవ్వండి. ఆయన్ను కూర్చోబెట్టండి. నోటీసు చదివి వినిపించి, అడిగినవాటికి నోటీసులో ఉన్నంతవరకే జవాబు చెప్పండి. "అసలేం చేశావో నిజం చెప్పు, ఇక్కడితో వదిలేస్తాం" లాంటి మాట ఎవరి నోటా రాకూడదు. అలా రాబట్టిన మాట తర్వాత చిక్కులే తెస్తుంది. ఆ గదిలోనే రాజీనామా కాగితం ముందు పెట్టడం ఇంకా ఘోరం. బలవంతపు రాజీనామా అని వివాదం వస్తే తప్పించుకోవడం కష్టం.

సెక్యూరిటీ గార్డులు ఇద్దరు పక్కన నడుస్తూ గేటు దాకా తీసుకెళ్లే సంప్రదాయం మానేయండి. షిఫ్ట్ మారే వేళ అసలొద్దు. లాకర్‌లో సామాన్లు తీసుకోవడానికి ఒక హెచ్ఆర్ మనిషి తోడు వెళితే సరిపోతుంది.

ఆయన సంతకం పెట్టనంటే బలవంతం చేయకండి. "నోటీసు ఇవ్వగా సంతకం చేయడానికి నిరాకరించారు" అని, సమయం వేసి, ఉన్న ఇద్దరూ సంతకం పెట్టండి. అదే రోజు రికార్డుల్లో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో ఒక ప్రతి పంపి రసీదు ఫైల్లో పెట్టండి. వాట్సాప్‌లో కూడా పంపొచ్చు, అయితే ఆయన సొంత నంబరుకే, గ్రూపులో కాదు.

మిగతా సిబ్బందికి ఏం చెప్పాలి? ఒకే వాక్యం చాలు: "స్టోర్స్ పనుల కోసం ఇకపై ఫలానా వారిని సంప్రదించండి." సస్పెన్షన్ అన్న మాట కూడా అవసరం లేదు. నోటీసు బోర్డు మీద ఫోటో పెట్టడం, డీలర్ల గ్రూపులో "ఇతనితో లావాదేవీలు చేయవద్దు" అని పెట్టడం చేస్తే పరువు నష్టం కేసుకు, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌కు మీరే దారి తెరిచినట్టు. డీలర్లకు చెప్పాల్సి వస్తే "మా తరఫున ఇకనుంచి ఫలానా వారు చూస్తారు" అంటే పని జరుగుతుంది.

లైంగిక వేధింపుల ఫిర్యాదు అయితే దారి వేరు. 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉంటుంది. బాధితురాలు రాతపూర్వకంగా కోరితే బదిలీ, మూడు నెలల వరకు సెలవు వంటి మధ్యంతర ఏర్పాట్లు కమిటీ సిఫారసు చేస్తుంది. ఇరువురి వివరాలు బయట పెట్టకూడదని 16వ సెక్షన్ నిషేధిస్తోంది. అక్కడ నోటీసులో ఘటన వివరాలు ఇంత విడమరచి రాయకూడదు. "అంతర్గత కమిటీ ముందున్న ఫిర్యాదు నంబరు ఫలానా" అంటే చాలు.

8. ఇచ్చిన తర్వాత

నోటీసు ఇచ్చాక ఫైలు మూలన పడటం మామూలుగా జరిగే తప్పు. యాజమాన్యానికి సమస్య కళ్లముందు లేదు కాబట్టి తొందర తగ్గిపోతుంది. ఆయన ఇంట్లో మాత్రం ప్రతి నెలా సగం జీతమే వస్తుంటుంది. అందుకే తేదీలు ముందే క్యాలెండర్‌లో పెట్టుకోండి. మార్చి 16 కారణాల వివరణకు. ఏప్రిల్ 8 సమీక్షకు. దర్యాప్తులో ఆధారాలు దొరికితే అప్పుడు ఛార్జ్ షీట్, సంజాయిషీ, ఆ తర్వాత విచారణ. ఇవన్నీ కలిపి జూన్ 6లోపు ముగిసేలా చూసుకోవాలి.

సమీక్ష రోజున అడగాల్సింది ఒకటే: మనం సస్పెండ్ చేసిన కారణం ఇంకా ఉందా? రిజిస్టర్లు సీజ్ అయ్యాయి, కాపీలు తీశారు, గోడౌన్ సిబ్బంది వాంగ్మూలాలు నమోదయ్యాయి అనుకోండి. అప్పుడు ఆయన వేరే సెక్షన్‌లో కూర్చున్నా దర్యాప్తుకు వచ్చే ముప్పు లేదు. సస్పెన్షన్ ఎత్తేసి విచారణ కొనసాగించవచ్చు. ఎత్తేసినంత మాత్రాన ఆరోపణ పోయినట్టు కాదు, కొనసాగించినంత మాత్రాన నిజమైనట్టూ కాదు. ఆ మాట కూడా సమీక్ష ఉత్తరంలో రాయండి.

మన ఉదాహరణలో ఏప్రిల్ చివరికి తేలింది ఇది అనుకుందాం. ఫిబ్రవరిలో తడిసిన 40 బస్తాలు రీప్రాసెసింగ్‌కు వెళ్లాయి, ప్లాంట్ వాళ్ల లాగ్‌బుక్‌లో ఉంది, స్టోర్స్ రిజిస్టర్‌లో తగ్గించలేదు. మిగతా 22 ఒకే బ్యాచ్, రెండు షిఫ్టుల్లో రెండుసార్లు ఉత్పత్తిగా ఎక్కింది. గేట్ పాసుల రెండో కాపీలు సెక్యూరిటీ గదిలో వేరే కట్టలో దొరికాయి. రికార్డు సరిగ్గా రాయలేదన్న చిన్న లోపం ఉండొచ్చు, దానికి ఒక మెమో సరిపోతుంది. బస్తాలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అప్పుడు ఇచ్చే ఉత్తరం మొదటిదానికంటే ఆలస్యం కాకూడదు. "09-03-2026 నాటి సస్పెన్షన్‌ను ఎత్తివేస్తున్నాము. దర్యాప్తులో ఆరోపణకు ఆధారం లభించలేదు. సస్పెన్షన్ కాలమంతా మీరు విధుల్లో ఉన్నట్టుగానే పరిగణిస్తాము. మే 1 నుంచి అదే హోదాలో విధుల్లో చేరగలరు." ఆపిన సగం జీతం మార్చికి 6,677, ఏప్రిల్‌కు 9,000, మొత్తం 15,677 రూపాయలు. అది ఆ ఉత్తరంతోపాటే జమ కావాలి, తర్వాతి నెల జీతంలో కలిపి కాదు. ఆ రోజుల ఇంక్రిమెంట్, సెలవులు, బోనస్ లెక్కల్లోనూ కోత పడకుండా అకౌంట్స్‌కు విడిగా నోట్ పంపండి. మొదటి రోజు ఆయన గేటు దగ్గరకు వచ్చేసరికి పంచింగ్ కార్డు పనిచేయాలి, సెక్యూరిటీ వాళ్లకు ముందురోజే సమాచారం వెళ్లాలి. స్టోర్స్ బాధ్యత మళ్లీ ఆయనదేనని, మొదట పంపిన అదే జాబితాకు, అదే పద్ధతిలో ఒక వాక్యం పంపాలి.